నన్ను వదిలేసి బెలుం పోయిన జీపు

నన్ను వదిలేసి నలుగురూ బెలుం గుహలకు పోయారు.

నేరం ఇదే. ముందుగానే రాసి పెడుతున్నాను. ఎందుకంటే ఆ తర్వాత నేను చేసిన ఘనకార్యం చదివితే మీరు వాళ్లను మరిచిపోయి నన్నే తిట్టుకుంటారు. తిట్టుకోండి, కానీ వరస తప్పకుండా తిట్టుకోండి.

ఐదేండ్ల కిందటి మాట. అప్పుడు నాకు అరవై ఎనిమిది. ఉడుకు రక్తం, ఏం చేస్తాం!

బుక్కరాయసముద్రంలో నేను దర్జీని. బడి మూడో తరగతితో ఆగిపోయినా, పొట్లాల కాగితాలు చదివి చదివి లోకజ్ఞానం సంపాదించినవాణ్ణి. ఒకసారి విన్నది మరిచిపోయే జబ్బు నాకు లేదు. ఎవరు ఎప్పుడు ఏమన్నారో చెప్పమంటే, వాళ్లు ఆరోజు తొడుక్కున్న చొక్కా రంగుతో సహా చెబుతాను. ఈ మాట కాస్త గుర్తు పెట్టుకోండి. తర్వాత నా పరువు పోయేది ఇక్కడే.

పొద్దున్నే చెరువుకట్ట మీద నడక, ఆపైన బాషా అంగడిలో టీ. నలభై ఏండ్లుగా పక్కన నడిచేవాడు ఓబులేసు. లారీ డ్రైవరుగా చేసి, దిగిపోయాక ఒక పాత జీపు కొనుక్కున్నాడు. ఒక ఆదివారం సాయంత్రం ఫోన్ తెరిస్తే వాడి స్టేటస్‌లో గుహ. గుహ ముందు వాడూ, టీ అంగడి బాషా, ఎరువుల శెట్టి, రిటైరైన మాస్టరూ. ఓబులేసు ఒంటి మీద నీలం చొక్కా. అది నేను కుట్టిందే! గుండీలు నేను కుట్టాలి, గుహలు వాడు చూడాలి.

ఆ రాత్రి ఒక్క సంగతే నన్ను తొలిచింది. వీళ్లకు నేను మొహం మొత్తానా? ఈ వయసులో కొత్త స్నేహితుణ్ణి యాడ వెతుక్కోవాలి?

తెల్లారి బాషా అంగడికి పోయేటప్పుడు గట్టిగా అనుకున్నాను: పట్టించుకోనట్టే ఉండాలి.

“ఏమప్పా తిమ్మప్పా, టీ చెప్పల్లనా?” అన్నాడు ఓబులేసు.

“నాకెందుకప్పా టీ! గుహల్లో తిరిగి అలిసిపోయినోళ్లు తాగండి.”

అంగడిలో పదిమంది ఉన్నారు. పదిమందీ గ్లాసులు దించారు.

“తిమ్మప్పన్నా, అదేమంటే…” అని బాషా ఏదో చెప్పబోయాడు. ఓబులేసు చెయ్యెత్తి ఆపాడు.

“బాధ పడినావా?” అన్నాడు.

“నాకా? బాధా? బాధ పడేదానికి నేనెవరప్పా! గుహంటే ఏముండాది, రాయిలో బొక్క!”

“అయితే బాధ లేదంటావు.”

“లేదని చెప్తాండా కదా!”

ఆ ‘లేదు’కు రోడ్డు మీద పోయే షేర్ ఆటో ఎవరో పిలిచారనుకుని ఆగింది.

అక్కడితో ఆగితే నేను తిమ్మప్పనెట్లా అవుతాను? తాడిపత్రి పెండ్లిలో నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టింది తీశాను. కళ్యాణదుర్గం పోయినప్పుడు జీపులో ముందు సీటు శెట్టికిచ్చి నన్ను వెనక పడేసింది తీశాను. “ఎప్పుడూ ఇంతే మీరు! అందరూ ఒగటే!” అన్నాను.

ఓబులేసు గ్లాసు కింద పెట్టాడు. “ఇప్పుడు మాట్లాడతాండేది బెలుం గురించా, నీ జాతకం గురించా?”

అంగడి మొత్తం నవ్వింది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగకుండా అరిచాను, పెట్టబోయిన టీ కూడా పోయింది.

ఇంటికొచ్చి ఊరుకున్నానా? గులాబీ పువ్వు బొమ్మ కింద ‘నమ్మినవాడే నట్టేట ముంచును’ అని స్టేటస్ పెట్టాను. చూడాల్సిన ఓబులేసు చూడలేదు. కళ్యాణదుర్గంలోని మా వియ్యంకుడు చూసి వణికిపోతూ ఫోన్ చేశాడు. “నేనేం చేసినాను బావా? అమ్మాయి ఏమన్నా చెప్పిందా?” ఆయన్ను సముదాయించేసరికి నా కోపంలో సగం ఖర్చయిపోయింది.

నాలుగు రోజులు కట్ట మీదికి పోలేదు. ఐదో రోజు మా ఆవిడ ఈరమ్మ, చెనిక్కాయలు ఒలుస్తూ, తలెత్తకుండానే మొదలుపెట్టింది.

“ఆయప్ప ఒగడే ఉన్నప్పుడు అడుగు, పదిమందిలో కాదు. చూసింది చెప్పు. బాధైందని చెప్పు. ఎందుకని ఒగటే మాట అడుగు. ‘ఎప్పుడూ’, ‘అందరూ’ అనొద్దు. పాత మూటలు ఇప్పొద్దు. ఈసారి తీసకపోండని దేబిరించొద్దు. అడిగినాక నోరు మూసుకో. అదే నీకు కష్టం.”

“బాధైందని చెప్పుకుంటే చులకనైపోనా?”

“బాధైందని చెప్తే చులకన కాదయ్యా. బాధ లేదని నాలుగు వీధులకు వినపడేట్ల అరిస్తే చులకన.”

పొట్లాల కాగితాలన్నీ చదివినా ఈ వాక్యం నాకెక్కడా తగల్లేదు.

మరునాడు పొద్దున్నే కట్ట మీద ఓబులేసు ఒక్కడే నడుస్తున్నాడు. పక్కన చేరాను.

“ఓబులేసూ, ఆపొద్దు అంగడిలో అరిచింది నాదే తప్పు. మీ ఫోటో చూసినా. నన్ను పిలవలేదని బాధైంది. ఎందుకు పిలవలేదో తెలుసుకోవల్లని ఉండాది.”

నోరు మూసుకున్నాను. అబ్బా, ఆ మూసుకోవడం! లోపల పద్దెనిమిది మాటలు తలుపు తడుతున్నాయి. ఐదొందల అడుగులు దిగిన బోరు పక్కన, నీళ్లా దుమ్మా అని చూసే రైతులాగ నిలబడ్డాను.

వాడు ఆగి, తలగుడ్డ తీసి, నున్నటి బోడిగుండును నాకేసి వంచాడు.

“ఇదేంది?”

“నీ తలకాయ.”

“దీని మీద చెయ్యి పెట్టి ఏమన్నావు? కళ్యాణదుర్గం రోడ్డులో, ముందు సీటు ఇయ్యలేదని జీపు దిగి, ‘నీ తల మీద ఒట్టు, నా ప్రాణముండంగా నీ జీపు ఎక్కను’ అనలేదా? నువ్వెక్కితే పగిలేది ఎవరి తలకాయప్పా? నీదా?”

నా నోరు ఈసారి దానంతటదే మూసుకుంది. శెట్టి ముందు సీట్లో కూర్చున్న భంగిమ గుర్తుంది. అతని చొక్కా గళ్లు గుర్తున్నాయి. దిగాక నేను ఎక్కిన షేర్ ఆటోలో పక్కనున్న కోడి రంగు కూడా గుర్తుంది. ఒట్టొక్కటే గుర్తు లేదు.

“ముందే చెప్పొచ్చు కదప్పా!”

“నీకు లేని గుర్తు నేను చెప్తే సాకంటావు. నిజం చెప్పల్లంటే కొంచెం సాకు కూడా. పోయేటప్పుడు నీ పోరు లేక నిమ్మళంగానే ఉండె. గుహలోకి దిగినాక బాషా అన్నాడు, ‘తిమ్మప్పన్న ఉంటే తల తగిలించుకొని గుహనే తిట్టేవాడు’ అని. అందరం నగినాము. ఆపైన ఎవరికీ ఉశారు లేదు. తొందరగా వచ్చేస్తిమి.”

నేను చెరువు వైపు తిరిగి నీళ్లను చాలాసేపు పరిశీలించాను. కంట్లో దుమ్ము పడింది, అంతే.

ఒట్టు తీసి గట్టు మీద పెట్టమన్నారు పెద్దలు. గట్టు కాళ్ల కిందే ఉంది. కుడిచేత్తో వాడి గుండు ముట్టి, ఒట్టును పట్టుకున్నట్టు పట్టుకుని, వంగి కట్ట రాయి మీద పెట్టాను. నడుం పట్టేసింది. పైకి లేపింది కూడా వాడే.

ఆ వంగిన నడుం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: బాధ ఉంటే లేదని అరవను, గులాబీ పువ్వు జోలికి పోను, ఇంకొకరి తల మీద ఈ జన్మలో ఒట్టు వెయ్యను. ఇంత గంభీరంగా ప్రతిజ్ఞ చేసి, ఈరమ్మ వద్దన్న మాట ఒక్కటి నోరు జారాను.

“అయితే, మళ్లీ ఎప్పుడు పోదాం?”

ఓబులేసు తలగుడ్డ చుట్టుకున్నాడు, ఒకటికి రెండు చుట్లు ఎక్కువే.

“ఆదివారం గండికోటకు పోతాండాము, రా. ముందు సీటు మాత్రం శెట్టిది. మళ్లీ ఒట్టు వెయ్యల్లనిపిస్తే, నీ తలకాయ నువ్వే తెచ్చుకో.”