మంచినూనె పొగ

మా ఆవిడ గుండెకు స్టెంట్ వేసి పంపుతూ, "మంచి నూనె వాడండి, అదీ కొంచెమే" అన్నాడు కరీంనగర్ డాక్టరు. మా వైపు మంచినూనె అంటే పల్లీ నూనే. కొంచెమన్న మాట నా చెవికెక్కలేదు. పుట్టినప్పటి నుంచి గానుగ తిప్పినవాడిలా కోడలి ముందు కోతలు కోసి, అన్నిటికంటే ఖరీదైన గానుగ పల్లీ నూనె తెచ్చాను. నిజానికి గానుగను నేను దూరం నుంచి కూడా చూడలేదు. ధర చూసి మంచిదనుకున్నాను.

ఆ పొద్దున గారెలకని కడాయి పెద్దమంట మీద పెట్టాను. నూనె పొగలు కక్కింది. పక్కనే కూర్చున్న మా ఆవిడ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని దగ్గసాగింది.

కోడలు పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆపింది. "మామా, గానుగ నూనె తాలింపుకైతే మంచిగుంటది, గింత మంటకు ఆగదు. రిఫైన్డ్ తవుడు నూనెనో, సన్‌ఫ్లవర్ నూనెనో అయితే ఆగుతుండె. ధర గూడ అగ్గువ."

"మరి కొబ్బరి నూనె పోయనా?"

"అండ్ల గుండెకు పడని కొవ్వే ఎక్కువ. అయినా అత్తమ్మకు గారెలే వద్దన్నరు గదా!"

కిటికీ తెరిచాం. పొగ పోయింది, దగ్గూ ఆగింది. ఆవిడ చెయ్యి మాత్రం ఛాతీ మీద నుంచి దిగలేదు.

"ఏమైందే?" అన్నాను.

"జర ఆటోను పిలువుండ్రి," అంది మెల్లగా.