కెమెరాకు ఊరు తెలియదు

కిరణ్మయి చేతికి ఫోటో ఇస్తే ముందు మనుషుల్ని చూడదు, నీడల్ని చూస్తుంది. తర్వాత గోడలు, బోర్డులు, కరెంటు తీగలు. అందుకే చుట్టాలెవరూ పెళ్లి ఆల్బమ్ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టరు. "పొద్దుటి ముహూర్తం అన్నారు, ఇదేంటి సాయంత్రం ఎండ!" అని పదిమందిలో అనేయగలదు.

రాజమండ్రిలో పుట్టి, కేంద్ర ప్రభుత్వోద్యోగి భర్తతో ఢిల్లీ చేరి, ఒక తెలుగు దినపత్రిక ఢిల్లీ బ్యూరోలో ఫోటోల డెస్కు పట్టుకుంది. పట్టుకుందంటే అక్షరాలా పట్టుకుంది. ఆమె సరేననకుండా ఒక్క బొమ్మ కూడా హైదరాబాదు హెడ్డాఫీసుకు వెళ్లదు. తన మాట మీద తనకు అనుమానమనేది ఆవిడ ఎరగదు. ఇంకొకరిలో అయితే దాన్ని పొగరు అనేవాళ్లు. ఆవిడ మాట చాలాసార్లు నిజమై కూర్చునేది కాబట్టి అనుభవం అని సరిపెట్టుకున్నారు.

2006 జూన్‌లో, ఢిల్లీ పక్కనున్న ఫరీదాబాద్‌లోని ఒక ఫ్యాక్టరీలో షెడ్డు కప్పు కూలింది. బ్యూరో ఫోటోగ్రాఫర్ రఘునందన్ ఇల్లు ఆ ఊళ్లోనే. కబురందిన వెంటనే వెళ్లి, కార్మికుల్ని మోసుకొస్తున్న ఫోటో తీశాడు. మర్నాడు అది మొదటి పేజీలో వచ్చింది. ఆ మధ్యాహ్నమే ఫ్యాక్టరీ యజమాని హైదరాబాదుకు ఫోన్ చేసి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. కూలినప్పుడు షెడ్డులో పురుగు కూడా లేదట, ఆ ఫోటో తమ ఫ్యాక్టరీదే కాదట, ఎక్కడిదో పాత బొమ్మట. రేపటి పేపర్లో క్షమాపణ వేయకపోతే కోర్టుకు లాగుతానన్నాడు.

బ్యూరో చీఫ్ పద్మనాభం మంచివాడే, కాకపోతే హైదరాబాదు నుంచి ఫోనొస్తే సగం మనిషైపోతాడు. కంప్యూటర్లో ఫోటో మీద నొక్కి వివరాల పేజీ తెరిచాడు. కెమెరా మోడలు, లెన్సు, ఫ్లాషు, వాటి కింద తీసిన తేదీ, సమయం.

"చూడండి కిరణ్మయిగారూ, మూడూ నలభై ఒకటి! రెండింటికే పోలీసులు అందర్నీ పంపించేసి గేటుకు తాళం వేశారు. మూడూ నలభైకి అక్కడ మోసేదెవరు? వీడు ఇంకెక్కడో తీసి మనకు అంటగట్టాడు. కంప్యూటరే చెబుతోంది కదా!"

రఘునందన్ బల్ల పక్కకు వచ్చి ఆ అంకెల్ని చూశాడు. క్షమాపణలో తన పేరు వేస్తారని అప్పటికే తెలిసింది. వాళ్ల నాన్న ఫరీదాబాద్ ఫ్యాక్టరీల్లోనే పనిచేసి రిటైరైన మనిషి. కొడుకు అబద్ధపు ఫోటో తీశాడని రేపు ఆ వీధిలో చెప్పుకుంటారు.

"కసమ్ సే మేడం, ఒట్టు, నేను పన్నెండింటికే అక్కడున్నా. మూడూ నలభై అని ఎలా పడిందో నాకే సమఝ్ కావట్లేదు."

కిరణ్మయి వివరాల పేజీ మూసేసి ఫోటో పెద్దది చేసింది. మోస్తున్నవాళ్ల నీడలు వాళ్ల కాళ్ల కిందే ముడుచుకుని ఉన్నాయి.

"మూడూ నలభైకి నీడ ఇట్లా ఉంటుందా సార్? ఎండ నడినెత్తిన ఉంది. తప్పు రఘుది కాదు, గడియారానిది. ఆ కెమెరా ఇలా తే."

ఆఫీసుకు ఉన్నది ఒకే మంచి కెమెరా. అందరూ వంతులవారీగా వాడతారు. దానితో గోడ గడియారాన్ని ఒక ఫోటో తీసి కంప్యూటర్లో వేసింది. బొమ్మలోని గడియారం నాలుగూ పది చూపిస్తోంది. వివరాల పేజీ ఏడూ నలభై అంటోంది. సరిగ్గా మూడున్నర గంటలు ముందుంది.

"పోయినవారం దీన్ని జపాన్ పట్టుకెళ్లిందెవరు సార్?"

పద్మనాభం కళ్లజోడు తుడుచుకున్నాడు. మంత్రిగారి వెంట టోక్యో వెళ్లిందీ, మనకన్నా మూడున్నర గంటలు ముందుండే అక్కడి టైముకు కెమెరాను మార్చిందీ, తిరిగొచ్చాక మళ్లీ మార్చడం మరిచిందీ ఆయనే.

"అయితే పన్నెండూ పదకొండుకు తీసినట్టు! గండం గడిచింది! ఈ పేజీనే రేపు అచ్చేద్దాం, ఫోటో ఫరీదాబాద్‌దేనని కెమెరాయే సాక్ష్యం చెప్పిందని."

"అచ్చేస్తే వాళ్ల లాయరు నవ్వుతాడు. కెమెరాకు ఊరు తెలియదు సార్. మనం పెట్టిన టైము రాసుకుంటుంది, తన మోడలు రాసుకుంటుంది. ఆ మోడలు ఢిల్లీలో ఎంతమంది దగ్గరుందో! పైగా ఆ రాతను ఎవరైనా మార్చొచ్చు. టైము విషయంలో మన రఘు మీద పడ్డ మచ్చ పోయింది, అంతే. ఫోటో ఎక్కడిదో ఇంకా తేలలేదు."

పద్మనాభం ఉసూరుమన్నాడు. ఆవిడ అప్పుడే రఘునందన్ వైపు తిరిగింది.

"కెమెరాలో మెమరీ కార్డు చెరిపేశావా?"

"లేదు మేడం. పెళ్లిళ్ల అలవాటు. ఆల్బమ్ ఇచ్చేదాకా కార్డు ముట్టుకోను."

ఈ ఉద్యోగానికి ముందు అతను పెళ్లి ఫోటోలు తీసేవాడు. ఒకేరోజు రెండు మూడు పెళ్లిళ్లుంటే ఎవరి బొమ్మలు ఎవరివో కలిసిపోకుండా, ముందుగా పందిరి బయట పేర్ల బోర్డు తీసేవాడు. ఆ అలవాటు ఇక్కడా పోలేదు. ధర్నాకు వెళ్లినా, సభకు వెళ్లినా మొదటి ఫోటో బోర్డే. "ఇక్కడ పెళ్లికొడుకెవరు నాయనా?" అని కిరణ్మయి ఎన్నిసార్లు ఆటపట్టించిందో లెక్కలేదు.

కార్డులో మొదటి బొమ్మ ఫ్యాక్టరీ పేరు బోర్డు. దాని వెనక తుప్పుపట్టిన నీళ్ల ట్యాంకు, సగంలో విరిగి వేలాడుతున్న ఇనుప నిచ్చెన. తర్వాత వరస నంబర్లతో గేటు, ఆవరణ, జనం. కార్మికుల్ని మోసుకొస్తున్న అసలు బొమ్మలో కుడిమూల, పొగదుమ్ములో, అదే ట్యాంకు. అదే విరిగిన నిచ్చెన. పేపర్లో వేసేటప్పుడు ఆ మూల కత్తిరించింది కిరణ్మయే.

ఆవిడ నాలుక కరుచుకుంది. ఆ తర్వాత లేచి బ్యాగు భుజాన వేసుకుంది. "పద, ఎండ ఉండగానే వెళ్లాలి."

ఢిల్లీ పొలిమేరలో బదర్‌పూర్ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుని, చెమటలు కక్కుతూ ఫ్యాక్టరీ చేరారు. గేటు దగ్గర కాపలావాడు చేయి అడ్డం పెట్టాడు. "యహా కుఛ్ నహీ హువా, మేడంజీ." ఇక్కడేమీ జరగలేదని అంటున్నవాడి తల వెనకే ట్యాంకు నిలబడి ఉంది, విరిగిన నిచ్చెనతో సహా. కిరణ్మయికి నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. లోపలికి వెళ్లాల్సిన పనే లేదు, రోడ్డు మీద నిలబడినా చాలు.

"ఠీక్ హై భయ్యా," అని ఆవిడ రోడ్డు దాటి నిలబడింది. రఘునందన్ కెమెరా ఎత్తబోయి ఆగాడు. "మేడం, నిజం చెప్పండి. ఆఫీసులో ఒక్క క్షణమైనా నన్ను అనుమానించారా?"

"అనుమానించాను. అందుకే కదా అంతలా చూశాను," అంది ఆవిడ మొహమాటం లేకుండా. అతనికి ఎందుకో ఆ జవాబు చల్లగా తగిలింది. ఊరికే నమ్మానని అంటే అంత ధైర్యం వచ్చేది కాదు.

మర్నాడు పేపర్లో క్షమాపణ లేదు. మూడు బొమ్మలు పక్కపక్కన వచ్చాయి: బోర్డు, కార్మికులు, ముందురోజు సాయంత్రం రోడ్డు మీంచి తీసింది. మూడింట్లోనూ ట్యాంకు చుట్టూ ఓ గీత. "కెమెరా వివరాల ప్రకారం" అని పద్మనాభం రాసిన వాక్యాన్ని కిరణ్మయి కొట్టేసి, "కావలసినవారు వెళ్లి చూసుకోవచ్చు" అని రాసింది. కింద రఘునందన్ పేరు వేయించింది. యజమాని మళ్లీ ఫోన్ చేయలేదు. పద్మనాభం ఆ వారమంతా తన టీతో పాటు రఘునందన్‌కూ టీ చెప్పాడు.

తర్వాత ఓ ఉదయం, ముఖర్జీ నగర్‌లో కోచింగ్ విద్యార్థుల ధర్నాకు రఘునందన్ బయల్దేరుతుంటే కిరణ్మయి కెమెరా గడియారాన్ని తన వాచీతో సరిచూసి అతని చేతికిచ్చింది. అతను మెట్లు దిగుతుండగా పైనుంచి కేకేసింది.

"రఘూ! ముందు బోర్డు తీయి!"