ఐదు షేర్లు, ఒకటే వాన

నంద్యాలలో ఉషశ్రీ ఎవరని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. గాంధీచౌక్ దగ్గర స్టీలు సామాన్ల అంగడి మీద ఒక గది ఉంది. అందులో రెండు కంప్యూటర్లు, ఒక కూలర్, ఆ కూలర్‌లో నీళ్లు పోయడానికి నేను. నా ఉద్యోగం పేరు మాత్రం ప్రోగ్రామర్. ఆమె చెప్పిన లెక్కల్ని కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాసిపెట్టాలి. జీతం సంగతి మొదలుపెడితే ఇక ఉషశ్రీ గురించి రాయడానికి చోటుండదు. వదిలేస్తున్నాను.

ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు. పెదనాన్న ఉమామహేశ్వరరావుకు ఆళ్లగడ్డలో ఎరువులు, పురుగుమందుల అంగడి. డిగ్రీ అయ్యాక మూడేళ్లు ఆ కౌంటర్‌లో కూర్చుంది. పురుగుమందు వాసనకు మధ్యాహ్నానికల్లా తల పగిలిపోయేది. “అలవాటైతాదిలే” అనేవాడు పెదనాన్న. ఆయనకు అలవాటైంది. ఆ వాసన లేకపోతే అన్నం సహించని స్థితికి చేరాడు. ఈమెకు కాలేదు. ఆ తలనొప్పిలోనే షేర్ల గురించి చదువుకుని, చివరికి ఒకరోజు ఉమ్మడి కుటుంబం పేరు మీదున్న షేర్ల ఖాతాను తనకు అప్పగించమని అడిగింది.

ఆ ఖాతాలో ముగ్గురి వంతులున్నాయి: పెదనాన్నది, పెద్దమ్మ భ్రమరాంబది, ఉషశ్రీ వాళ్ల అమ్మది. పెదనాన్న ఒప్పుకున్నాడు కానీ షరతు పెట్టాడు. ఖాతా చేరిన గరిష్ఠాన్ని నూరు రూపాయలనుకుంటే, అది తొంభైకి దిగిన రోజు గదికి తాళం వేసి ఆమె తిరిగి ఆళ్లగడ్డ కౌంటర్‌కు రావాలి. వ్యాపారస్థుల ఇళ్లలో ఆడపిల్లకు స్వేచ్ఛ ఇవ్వరని ఎవరన్నారు? పది శాతం ఇస్తారు.

నాలుగేళ్లు బాగానే గడిచాయి. ఈ ఏడు వేసవిలో దెబ్బ మీద దెబ్బ తగిలి, మే నెలాఖరుకు నూరు తొంభై మూడైంది. చేతిలో ఒక్క షేరు లేదు, అంతా నగదు. ఆళ్లగడ్డ కౌంటర్‌కూ ఆమెకూ మధ్య మూడు రూపాయల దూరం.

సరిగ్గా అప్పుడే వానలు ఈసారి దండిగా ఉంటాయని జోస్యం వచ్చింది. టీవీలో టై కట్టుకున్నవాళ్లు, జీవితంలో ఒక్కసారైనా బురద తొక్కనివాళ్లు, వరినాట్ల గురించి మాట్లాడసాగారు. ఆ శుక్రవారం బజారు మూసేసరికి మా కంప్యూటర్‌లో ఆరు కొనుగోలు సంకేతాలు ఒకేసారి పడ్డాయి. ఎరువుల కంపెనీ, పురుగుమందుల కంపెనీ, ట్రాక్టర్ల కంపెనీ, ప్లాస్టిక్ పైపుల కంపెనీ, పల్లెల్లో అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీ, మోటారు పంపుల కంపెనీ. మూడు నెలల్లో అంత ఉత్సాహం ఆ గదిలో కనిపించలేదు. నేను కూలర్ కూడా ఆపేశాను, ఆ మోత ఎందుకని.

ఆమె పద్ధతి ఇది. ఒక్కో షేరులో ఒక రూపాయి మించి పోకూడదు. ఎంత పడితే అమ్మేయాలో ముందే గీత గీసి, ఆ గీత దాకా పడితే నూటికి రూపాయే నష్టం వచ్చేలా ఎన్ని షేర్లు కొనాలో లెక్క వేస్తుంది. ఒకే రంగం షేర్లన్నిటిలో కలిపి రెండు రూపాయలు మించకూడదు.

“అక్కా, రంగాల పరీక్ష పాసైనాయి,” అన్నాను. “ఎరువులూ పురుగుమందులూ రెండూ రసాయనాల కింద పోతాయి. రెండు రూపాయలు, సరిగ్గా హద్దు లోపలే. ట్రాక్టరు వాహనాలు, పైపులు ప్లాస్టిక్కు, అప్పులు ఫైనాన్సు, పంపులు యంత్రాలు. ఆరూ కొనొచ్చు.”

“ఆరు కొంటే ఎంత?”

“ఆరు రూపాయలు.”

“మన దగ్గరుండేది మూడు.”

“ఆరూ ఒకేసారి పడతాయా అక్కా? వేరే వేరే రంగాలు కదా.”

ఆమె నన్ను చూసిన చూపులో జాలి ఉంది. జాలి చూపించే యజమానురాలు జీతమెందుకు పెంచదో నాకిప్పటికీ అర్థం కాలేదు.

“ఆ పేర్లు పెట్టింది బొంబాయిలో కూర్చున్నోళ్లు. షేర్లకు అవి తెలుసా? జతలు తీయ్.”

జతలు తీయడమంటే, ఏ రెండు షేర్లు రోజురోజుకూ ఎంతవరకు కలిసి నడుస్తున్నాయో కొలవడం. ఒకటి వస్తే అచ్చం జంటగా నడిచినట్టు, సున్నా వస్తే ఒకదానికొకటి సంబంధం లేనట్టు. ఏడాది లెక్కలో మొదటి ఐదింటి జతలు అర దగ్గర ఉన్నాయి. గత మూడు నెలలకు తీస్తే ప్రతి జతా ముప్పావు దాటింది. వాన కబురు మొదలయ్యాక ఐదూ ఒకే తాడుకు కట్టినట్టు నడుస్తున్నాయి. పంపుల కంపెనీ మాత్రం వాటితో పావు కూడా కలవలేదు. దాని అమ్మకాలు ఎక్కువగా విదేశాల్లోనట.

“ఇవి ఐదు షేర్లు కావు,” అంది ఆమె. “ఒకటే. దాని పేరు వాన. దానికి రెండు రూపాయలు, అంతే. పంపులకు అర. మొత్తం రెండున్నర. అన్నీ పోయినా అర రూపాయి మిగలాల.”

“అయితే ఐదింట్లో నలభై పైసల లెక్కన పంచుదాం అక్కా. ఏదీ వదలద్దు.”

“పంచితే ఒక కంపెనీలో ఏదన్నా దొంగతనం బయటపడితే దెబ్బ తగ్గుతాది, నిజమే. వాన ఎగ్గొడితే మాత్రం ఐదూ కలిసి పడతాయి, పోయేది అదే రెండు రూపాయలు. గీత దగ్గర ఐదింటికి కాపలా కాయాల. రెండు చాలు, అన్నిటికన్నా గట్టిగా పెరిగినవి.”

ఎరువులు, ట్రాక్టర్లు నిలిచాయి.

శనివారం పొద్దున పెదనాన్న ఆళ్లగడ్డ నుంచి కారులో దిగాడు. వానజోస్యం వచ్చినప్పటి నుంచి ఆయన ముఖం పెళ్లికొడుకు ముఖంలా ఉంది. మెట్లెక్కి, ఆయాసపడి, కూలర్‌కు వీపు పెట్టి కూర్చున్నాడు.

“ఏం పాపా, కంప్యూటరు ఆరు చెప్పిందంట?”

ఎవరు చెప్పారో నన్ను అడగకండి.

“చెప్పింది పెదనాయనా. మూడు కొంటాండా.”

“ఏందీ? చెప్పేకి ఆరు, కొనేకి మూడా? నలభై ఏండ్లుగా ఎరువుల్లో పండినోణ్ణి. వాన పడితే ఏం లేస్తాదో నాకు తెలీదా? ట్రాక్టరు లేస్తాది, మందు లేస్తాది, పైపు లేస్తాది, అన్నీ లేస్తాయి.”

“అదే నేనూ చెప్పేది. అన్నీ కలిసి లేస్తాయి. కలిసి లేసేటివి కలిసే పడతాయి.”

“యాడ పడతాది? వెలుగోడు డ్యాము నిండుతాది ఈసారి.”

“నిండితే మంచిదే. పెదనాయనా, నీ అంగడి దేని మీద నడుస్తాది?”

“ఎరువుల మీద.”

“వాన మీద. చాగలమర్రి దాకా నువ్వు ఉద్దర ఇచ్చిన రైతులు దేని మీద కడతారు? వాన మీద. నీ పదెకరాల మడి? అదీ వానే. ఈ ఖాతాలో ఉండేది నీ దుడ్లే కదా. నిజానికి ఆ రెండు రూపాయలు కూడా ఎక్కువ.”

ఆయన నా వైపు తిరిగి, “ఒరే సందీపూ, ఈమెకు ఈ ధైర్యం లేని విద్య నువ్వే నేర్పినావా?” అన్నాడు.

“నాకు వచ్చే జీతానికి అంత నేర్పలేను సార్,” అన్నాను.

“కౌంటరు ఖాళీగానే ఉంది పాపా. కుర్చీకి కొత్త కుషన్ కూడా వేయించినా.” లేచి, మెట్లు దిగి పోయాడు. సోమవారం ఆమె మూడు కొంది. ఆయన తన సొంత ఖాతాలో ఆరూ కొన్నాడు. కొత్త ఎరువుల సరుకు కోసం కంపెనీకి కట్టాల్సిన డబ్బు తాత్కాలికంగా అటు మళ్లించాడని మాకు తర్వాత తెలిసింది.

రెండు వారాలు ఆ ఐదూ పెరిగాయి. ఆయన రోజూ ఫోన్ చేసేవాడు. “నీ రెండు ఎంత పెరిగినాయి? నావి ఆరు.” ఉషశ్రీ “సంతోషం పెదనాయనా” అనేది. మనసులో ఏముందో తెలీదు కానీ ఆ రెండు వారాల్లో ఆమె గోళ్లు కొరుక్కోవడం చూశాను. నేనైతే ఆరూ కొననందుకు ఆమెను లోలోపల తిట్టుకున్నాను. పెరిగి ఉంటే నాకేదో వచ్చేదని కాదు. పక్కవాడు గెలుస్తుంటే మనవాళ్లు నియమాలు చదువుకుంటూ కూర్చోవడం చూడలేం.

జూన్ మూడో వారం వానలు కర్ణాటకలో ఆగిపోయాయి. ఆగినవి కదల్లేదు. షేర్లు మెల్లగా జారి, మేము కొన్న ధర దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. ఒక ఆదివారం సాయంత్రం, మొత్తం సీజనే లోటుగా ఉంటుందని కొత్త అంచనా వచ్చింది. సోమవారం బజారు తెరిచేసరికి ఐదు కంపెనీలూ గీత కిందనే తెరుచుకున్నాయి. గీత దగ్గర అమ్ముదామంటే అక్కడ కొనేవాడే లేడు, ఇంకా కిందికి పోయాక అమ్ముడయ్యాయి. ఎరువుల్లో రూపాయిన్నర, ట్రాక్టర్లలో రూపాయి పది పైసలు పోయాయి. పంపుల కంపెనీకి నంద్యాల వానతో పనిలేదు, ముప్పై పైసలు లాభంలో ఉంది.

లెక్క నేనే వేశాను. తొంభై రూపాయల డెబ్బై పైసలు. రెండుసార్లు వేసి చూపించాను.

“ఆరూ పూర్తిగా కొనుంటే?” అంది.

“ఎనభై ఏడు చిల్లర అక్కా. తాళం.”

ఆమె టీ తెప్పించింది. నాకు కూడా. దాన్ని బట్టి ఎంత భయపడిందో అర్థం చేసుకోవచ్చు.

పెదనాన్న బుధవారం వచ్చాడు. ఈసారి కారులో కాదు, బస్సులో. గడ్డం పెరిగి ఉంది. రైతులు నాట్లు వాయిదా వేశారు, సరుకు కదలట్లేదు, ఉద్దర తిరిగి రావట్లేదు, షేర్లు సగానికి పడిపోలేదు కానీ అమ్మడానికి మనసు రాని ధరకు దిగాయి. ఎరువుల కంపెనీవాళ్లు డబ్బుకు కూర్చున్నారు.

“ఈడ నగదు ఉంది కదా పాపా,” అన్నాడు. “ఖాతా మూసేద్దాం. మొత్తం తీసియ్యి.”

“తొంభై కిందికి పోలే పెదనాయనా.”

“డెబ్బై పైసలు అదొక తేడానా?”

“అర రూపాయి అట్టిపెట్టింది దీనికే.”

ఆయన జేబులోంచి ఫోన్ తీసి, నిర్ణయం ఇంటికి వదిలేసినట్టు భార్యకు కలిపాడు. భ్రమరాంబమ్మ గొంతు స్పీకర్ పెట్టకుండానే గది మొత్తం వినిపించే రకం.

“నీ వంతు నువ్వు తీసుకోప్పా, ఎవరొద్దన్నారు? నాది ముట్టుకుంటే మాత్రం ఊరుకోను. ఇంట్లో వానకు సంబంధం లేనిది అదొక్కటే మిగిలింది. పాప దగ్గర్నే ఉండనీ.”

ఆయన ఫోన్ పెట్టేసి, చాలాసేపు కిటికీలోంచి చౌక్ వైపు చూశాడు. ఆకాశం ఇస్త్రీ చేసినట్టు ఉంది.

తన వంతు తీసుకున్నాడు. అది సగం కంటే ఎక్కువే. ఉషశ్రీ బదిలీ చేసింది. గెలిచిన మనిషికి దొరికిన బహుమతి అది: సగానికి పైగా ఖాళీ అయిన ఖాతా, పాత అద్దె, పాత నేను. మెట్ల దగ్గర ఆయన ఆగాడు.

“కౌంటర్‌లో ఎవుర్ని పెట్టేది ఇప్పుడు?”

“నువ్వే కూర్చో పెదనాయనా. సరుకు కదలట్లే కదా, తీరిక ఉంటాది.”

ఆయన నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు. ఆయన దిగిపోయాక కుర్చీ జరుపుకుని, మిగిలిన మొత్తాన్ని నూరుగా పెట్టి లెక్కలన్నీ మళ్లీ వేయమంది. వానతో కలిసి నడిచే షేర్లన్నిటికీ కలిపి ఎన్ని రూపాయలు పెట్టాలని అడిగాను.

“అమ్మా, పెద్దమ్మా ఇద్దరూ ఆళ్లగడ్డలో వాన మీద బతికినన్నాళ్లు, రెండు కాదు, ఒకటి,” అంది.