బ్యాంకుకు రాసిన ఉత్తరం, అరువు నెత్తళ్లు

ఆ ఉత్తరాన్ని నేను నాలుగుసార్లు రాశాను. మొదటిసారి "గౌరవనీయులైన బ్రాంచి మేనేజరు గారికి" అన్న చోటే చేతి చెమటకు కాగితం తడిసిపోయింది. పదో తరగతి దాకా చదివినదాన్నే కానీ, బడికి రాసిన సెలవు చీటీ తప్ప ఇంకో ఉత్తరం రాసి ఎరగను. పైగా అడుగుతున్నది మూడు లక్షలు. ఆ అంకె వేసేటప్పుడు సున్నాలు ఎక్కువైనాయేమోనని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

మాది ఎండు చేపల పని. జువ్వలదిన్నె హార్బరులో పచ్చి నెత్తళ్లు కొని, మా వాడ వెనక సిమెంటు అరుగుల మీద ఎండబెట్టి అమ్ముతాం. ఏప్రిల్ సగం నుంచి రెండు నెలలు వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, పచ్చి చేప దొరకదు, ఎండు చేపకు ధర లేస్తుంది. అంతకుముందే కొని ఎండబెట్టుకున్నవాళ్లకే ఆ రెండు నెలలూ పండగ. హార్బరులో మాత్రం చేతిలో డబ్బు పెట్టందే గంప కదలదు.

మా అత్తకు ఇరవై ఏళ్లుగా ఆ డబ్బు నెల్లూరు వ్యాపారి ఇచ్చాడు. అడ్వాన్సు ఆయనది కాబట్టి సరుకూ ఆయనకే, ధరా ఆయన చెప్పిందే. సరుకు తూచాక ఆయన చీటీ రాసిచ్చేవాడు, మా అత్త దాన్ని కొంగున కట్టుకుని ఇంటికొచ్చేది. ఈసారి ఆ అడ్వాన్సు వద్దు, బ్యాంకును అడుగుదాం అన్నది నేనే. అని, ఆ రోజు నుంచీ అన్నం సయించక చచ్చాను.

చివరికి ఉత్తరం ఇలా కుదిరింది. ప్రస్తుతం పెట్టుబడి లేక మా అరుగులు ఖాళీగా ఉన్నాయనీ, వర్కింగ్ క్యాపిటల్ కింద మూడు లక్షలు కావాలనీ, అందులో రెండు లక్షల నలభై వేలు పచ్చి చేపలకు, మిగతా అరవై వేలు కూలీకి, గోతాలకు, లారీ బాడుగకు అనీ రాశాను. వడ్డీ నెలనెలా కడతాననీ, సరుకు అమ్ముడుపోయేది మే, జూన్, జూలైల్లో కాబట్టి అసలు ఆ మూడు నెలల్లో మూడు వాయిదాలుగా తీరుస్తాననీ రాశాను. వ్యాపారం రిజిస్ట్రేషను కాగితం, ఆధార్, పాన్, ఖాతా స్టేట్‌మెంటు కుట్టి ఇచ్చాను. మేనేజరు గారు చదివి, "మా ఫీల్డ్ ఆఫీసరు వచ్చి యూనిట్ చూస్తారమ్మా" అన్నారు.

ఆ ఒక్క మాటతో నా ప్రాణం పోయినంత పనయింది. చూడ్డానికి అక్కడేముంది? అరుగుల మీద కాకులు తప్ప!

మా పక్కింటి అక్క నన్ను కేకలేసింది. "ఏందమ్మే, బిత్తరపోయి కూర్చున్నావు? ఖాళీ అరుగులు చూపిస్తే ఎవురిస్తారు డబ్బు? మా నెత్తళ్లు తెచ్చి పరుస్తాం, ఆయన పోయినాక ఎత్తుకుంటాంలే."

మా వాడలో అది వింతేమీ కాదు. ఒకరింటికి పెళ్లిచూపులవాళ్లొస్తే కుర్చీలు ఒక ఇంటివి, గ్లాసులు ఇంకో ఇంటివి, దుప్పటి మరో ఇంటిది. బ్యాంకువాళ్లొస్తే మాత్రం మానతామా? పొద్దున్నే నలుగురు ఆడవాళ్లు గంపలతో వచ్చి మా అరుగులన్నీ తెల్లగా నింపేశారు. నాకు అప్పుడు ఎంత ధైర్యమొచ్చిందో!

ఆఫీసరు బండి దిగి, ఫోనుతో అరుగుల ఫొటోలు తీశాడు. తర్వాత సంచిలోంచి నా ఉత్తరం తీసి చదువుకుని, అరుగుల వైపు చూసి, మళ్లీ ఉత్తరం చూశాడు.

"అరుగులు ఖాళీగా ఉండాయని రాసినారే?"

నేను అక్క వైపు చూశాను.

"ఇంత సరుకుంటే ఇంకా పెట్టుబడి ఎందుకమ్మా? ఇది మీ స్టాకని రాసుకుంటే అడిగిన దాంట్లో అంత తగ్గుతుంది. ఉత్తరంలో రాసింది అబద్ధమైతే ఫైలు ఇక్కడే ఆగిపోతుంది. రెండిట్లో ఏది?"

అక్క నా వెనక్కి జరిగింది. నావే అంటే ఉత్తరం అబద్ధం, నావి కావంటే అరుగులు అబద్ధం. పోలీసులకు చెబుతాడేమో, ఆధార్ నంబరు పట్టుకుని ఇంకెక్కడా అప్పు పుట్టకుండా చేస్తాడేమో అని ఏవేవో తోచాయి. అరుగు అంచు పట్టుకున్నాను.

"ఉత్తరమే నిజం సార్. వీటిల్లో ఒక్క చేప కూడా నాది కాదు."

"మరి ఎందుకు చేసినారీ పని?"

"భయపడి చేసినాను సార్."

ఆయన ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత "తీసేయండి, అన్నీ" అన్నాడు. నలుగురూ తలొంచుకుని గంపల్లోకి ఎత్తారు. నెత్తళ్లు చిన్నవి కదా, ఎంత ఎత్తినా తరగవు. అంతసేపూ ఆయన నిలబడే ఉన్నాడు. అరుగులు ఖాళీ అయ్యాక నన్ను పక్కన నిలబెట్టి మళ్లీ ఫొటోలు తీశాడు.

"పోయిన ఏడు ఎంత అమ్మినారో చూపించేదానికి ఏమన్నా ఉందా?"

మా అత్త గబగబా ఇంట్లోకి పోయి పాత చీర గుడ్డ మూట తెచ్చి విప్పింది. వ్యాపారి బరువూ ధరా వేసి రాసిచ్చిన ఏళ్లనాటి చీటీలు. ఆఫీసరు ఒక్కొక్కటీ చూశాడు. "ఇవి బ్యాంకుకు ఎందుకియ్యలేదు?" అన్నాడు. అవి మా అప్పుల చీటీలని నేననుకున్నాను. ఎంత అమ్మామో చెప్పే కాగితాలని నాకు తట్టనేలేదు, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆయన చీటీలకూ ఫొటోలు తీసుకుని, ఇస్తామనీ ఇవ్వమనీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

వారం గడిచింది. నిషేధానికి ఇంక మూడు వారాలే ఉంది. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. అప్పుడు వ్యాపారి ఫోను చేశాడు. "అడ్వాన్సు పంపించాల్నా, వద్దా? ఇప్పుడే చెప్పు. లేదంటే ఇంకొకరికి ఇచ్చేస్తా."

తీసుకుందామనే నోరు తెరిచాను. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, తీసుకుందామనే. మా అత్త నా చేతిలో ఫోను లాక్కుని, "ఈసారికి వద్దయ్యా" అని పెట్టేసింది. పెట్టేసి గోడకానుకుని కూలబడింది.

"పిచ్చి పట్టిందా అత్తా నీకు? బ్యాంకు ఇయ్యకపోతే ఏం తింటాం?" అని అరిచాను. పెద్దామె మీద అంత గొంతు నేనెప్పుడూ లేపలేదు. ఆమె చీటీల మూట విప్పి, సర్ది, మళ్లీ కట్టుకుంది.

నాలుగో రోజు బ్యాంకు నుంచి పిలుపొచ్చింది. మూడు కాదు, రెండు లక్షలు. వాయిదాలు నేను రాసిన నెలల్లోనే. నెలనెలా ఎంత సరుకుందో రాసివ్వాలన్నారు. సంతకం పెడుతుంటే నా పేరు నాకే వంకరగా కనిపించింది. ఆ రెండు లక్షలతో వచ్చినన్ని కొని, మబ్బు పట్టినప్పుడల్లా టార్పాలిన్ పట్టలు పట్టుకుని పరిగెత్తి ఎండబెట్టుకున్నాం.

నిషేధం మొదలైన రెండో వారంలో వ్యాపారే మా వాడకు వచ్చాడు. గోతంలో చేయి పెట్టి నెత్తళ్లు తీసి చూసి, వాసన చూశాడు.

"ఎంత చెప్తావమ్మా కిలో?" అని మా అత్తను అడిగాడు.

ఇరవై ఏళ్లలో ఆయన ఆమెను ఆ మాట అడగడం అదే మొదలు. ఆమె నా వైపు చూసింది, గోతాల వైపు చూసింది. పొద్దున మేమిద్దరం అనుకున్న ధరే చాలా మెల్లగా చెప్పింది. చెప్పి, ఆయన ఇంకా ఏమీ అనకముందే, "ఎక్కువా అయ్యా?" అని అడిగింది.

"ఎక్కువ కాదత్తా" అన్నాను నేను, ఆమె చేయి పట్టుకుని.