మొత్తం మైనస్ వచ్చిన పూట

నాకు లెక్కల పాఠం చెప్పడం వచ్చో రాదో తేల్చడానికి కాలేజీవాళ్ళు ఒకే ఒక గంట ఇచ్చారు. యుద్ధం రోజులు. ఆనర్సు క్లాసులకు పాఠం చెప్పే లెక్చరరు ఒకాయన వాతావరణం లెక్కలు కట్టే పని మీద విమానదళంలో చేరిపోయాడు. ఆయన తిరిగి వచ్చేదాకా ఆ చోట ఎవరో ఒకరు కావాలి. అర్జీ పెట్టుకున్నవాళ్ళలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఆ కాలేజీలో అంతవరకు లెక్కలు నేర్చుకున్న ఆడపిల్లలు ఉన్నారు గానీ, నేర్పిన ఆడమనిషి లేదు.

మా నాయనకు చిక్కపేటలో బట్టల కొట్టు. నన్ను ఆనర్సు దాకా చదివించింది ఆయన పట్టుదలే. కానీ చదువు అయ్యాక ఏడాది పాటు నేను ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆయనకు నచ్చలేదు. ఈలోగా మా పేటలోని ఆడపిల్లల బడివాళ్ళు పిలిచారు. చిన్న తరగతులకు కూడికలు, పెద్ద తరగతులకు కుట్టుపని నేర్పాలట. కాలేజీ పని దొరక్కపోతే సోమవారం నుంచి ఆ బడికే వెళ్తానని నాయనకు మాట ఇచ్చాను. అప్పటికి నాకు కుట్టుపని ఎంత వచ్చంటే, సూదిలో దారం ఎక్కించడానికి మా అమ్మను కేకేసేదాన్ని. చిన్న కూడికలు నేర్పడం తక్కువ పనని నేను అనుకోలేదు. కానీ నేను చదివిన చదువును మడిచి పెట్టెలో పెట్టేయడానికి మాత్రం చేతులు రాలేదు.

ఆ పొద్దున జట్కాలో నా పక్కన కూర్చుని, ఏం చెప్పబోతున్నావని నాయన అడిగారు. ఒకటి, దానికి నాలుగో వంతు కలుపు, తొమ్మిదో వంతు కలుపు, పదహారో వంతు కలుపు, ఇలా వర్గాల వంతున ఎప్పటికీ కలుపుకుంటూ పోతే మొత్తం ఎంతవుతుందో చెప్పే పాఠం అన్నాను. ఎప్పటికీ కలిపేదానికి మొత్తం ఎట్లా తెలుస్తుందన్నారు. అదే నాయనా పాఠం, అన్నాను. ఆయన నా వైపు తిరిగారు.

"కలిపేకొద్దీ పెరుగుతా ఉండాది కదమ్మా. యాడో ఒక తావున నిలిస్తే మంచిదే. నువ్వు మాత్రం పాఠం నడాన నిలిచిపోవద్దు."

నవ్వేసి, పాఠం మొదటి నుంచి మరోసారి మనసులో వల్లించుకున్నాను.

పాఠం నాకు కొట్టిన పిండి. ఏ మామూలు ఫంక్షన్నైనా సైన్లు, కొసైన్ల మొత్తంగా రాయవచ్చు, ఒక వంకర గీతను ఎన్నో అలల కలయికగా విడదీసినట్టు. అందులో x వర్గం చాలా మర్యాదస్తురాలు. దాన్ని −π నుంచి π వరకు తీసుకుంటే సైన్లన్నీ ఎగిరిపోయి కొసైన్లే మిగులుతాయి. ఆ కొసైన్ల ముందు సరిగ్గా మనకు కావలసిన భిన్నాలే ఉంటాయి: ఒకటి, నాలుగో వంతు, తొమ్మిదో వంతు. గుర్తులు మాత్రం ఒకటి విడిచి ఒకటి మారుతుంటాయి. x చోట π పెడితే ఆ గుర్తుల గొడవ కూడా సర్దుకుంటుంది.

రెండో ఏడు ఆనర్సు క్లాసు అది. అందరూ మగపిల్లలే, నాకంటే రెండు మూడేళ్ళు చిన్నవాళ్ళు. వెనక బెంచీ చివర, నాకూ పాఠం చెప్పిన లెక్కల శాఖ హెడ్డుగారు కూర్చున్నారు. ఆయనది కోలారు వైపు. క్లాసులో ఇంగ్లీషు తప్ప నోటివెంట రానిచ్చేవారు కారు. తన గదిలో కూర్చుంటే మాత్రం అచ్చం మా ఇంటి తెలుగే. పాఠం నడుస్తుండగా ఆయన ముఖం చూసి ఏమీ కనుక్కోలేమని నాకు చదువుకునే రోజుల నుంచీ తెలుసు.

సుద్దముక్కలకు కూడా కరువు వచ్చిన కాలం కాబట్టి పొదుపుగా, బోర్డు ఎడమ సగంలోనే మొత్తం పాఠం పట్టించాను.

x² = π²/3 + 4(−cos x + cos 2x/4 − cos 3x/9 + …)

x చోట π పెట్టాను. ఎడమవైపు π². కుడివైపు కొసైన్లన్నీ కలిసొచ్చి, π²/3కి తోడు మనం వెతికే మొత్తానికి నాలుగు రెట్లు. తీసివేసి, నాలుగుతో భాగిస్తే π²/6. ఒకటి పాయింటు ఆరు నాలుగు చిల్లర. చేత్తో కొన్ని భిన్నాలు కలిపి చూపించాను, మొత్తం నెమ్మదిగా అటే నడుస్తోంది. పిల్లలు రాసుకున్నారు. ఇంకా పావుగంట మిగిలింది. నాకు లోపల గర్వం పొంగింది. అక్కడితో ఆపి కూర్చోమంటే ఎంత బాగుండేది!

ముందు బెంచీలో సన్నగా ఉన్న ఒక అబ్బాయి లేచాడు. తమ పుస్తకంలో అన్నీ 0 నుంచి 2π వరకు తీసుకుని చేశారట, అలా చేసినా ఇదే వస్తుందా అని ఇంగ్లీషులో వినయంగా అడిగాడు. అందులో వినయం ఎంతో, పరీక్ష ఎంతో ఇప్పటికీ నాకు తెలియదు. తప్పకుండా వస్తుంది, చేసి చూద్దాం రండి అన్నాను. ఇంట్లో అలా ఎన్నడూ చేసి చూడలేదు. నోటి తొందర నాకు పుట్టుకతో వచ్చింది.

బోర్డు కుడి సగం మీద మొదలుపెట్టాను. ఈసారి సైన్లు కూడా వచ్చాయి, అయినా భయం లేదు. x చోట సున్నా పెడితే సైన్లన్నీ సున్నాలైపోతాయి, కొసైన్లన్నీ ఒకట్లవుతాయి. మొదటి పదం 4π²/3. దానికి మన మొత్తానికి నాలుగు రెట్లు కలిపితే, సున్నా వర్గం, అంటే సున్నా రావాలి. చకచకా రాసుకుంటూ పోయి, చివరి గీత కింద జవాబు వేశాను.

మైనస్ π²/3.

వేసిన తరువాత చదివాను. ఒకటి, నాలుగో వంతు, తొమ్మిదో వంతు, అన్నీ కూడికలే. ఒక్క తీసివేత లేదు. మొత్తం మాత్రం మైనస్. అంగట్లో సరుకు మీద సరుకు వేస్తుంటే తక్కెడ పైకి లేచినట్టు.

ఎవరో కిసుక్కున నవ్వారు. హెడ్డుగారు కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నా చేతిలో డస్టరు ఉంది, చెరిపేయాలని చెయ్యి లేచింది కూడా. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ అబ్బాయి మీద కాదు, ఆ మైనస్ మీద. నువ్వెలా వచ్చావో చెప్పందే నిన్ను వదలను అనిపించింది. డస్టరు కింద పెట్టేశాను.

పిల్లల వైపు తిరిగి, ఈ జవాబు నిజమయ్యే దారి ఉందా అని అడిగాను. లేదన్నారు. అయితే పై నుంచి ఒక్కో వరుసా చూద్దాం, తప్పున్న చోట ఆపండి అన్నాను. మొదటి పదం సరే. కొసైన్ల గుణకాలు సరే. సైన్ల గుణకాలు వెనక బెంచీవాళ్ళ చేత మళ్ళీ చేయించాను, అవీ సరే. లెక్క అంతా శుభ్రంగా ఉంది. ఇక మిగిలింది ఒక్కటే: ఎడమవైపు నేను ధీమాగా వేసిన సున్నా.

బొమ్మ గీశాను. 0 దగ్గర మొదలై 2π వరకు పైకి ఎక్కే వంపు. సైన్లు, కొసైన్లు 2πకి ఒకసారి తిరిగి మొదటికి వచ్చేవే కాబట్టి, ఆ వంపే ఈ పక్కనా, ఆ పక్కనా మళ్ళీ మళ్ళీ రావాలి. గీసేసరికి కనబడింది. ప్రతి వంపూ 4π² ఎత్తుకు ఎక్కి, అక్కడి నుంచి ఒక్కసారిగా సున్నాకు పడిపోతోంది. సున్నా దగ్గర గీత తెగి ఉంది. ఎడమ సగంలో ఈ బెడద లేదు, ఎందుకంటే అక్కడ రెండు చివర్లలోనూ ఎత్తు π² ఒకటే, వంపు పక్క వంపుతో అతుక్కుపోతుంది.

అప్పుడు నాకు వెలిగింది. తెగిన చోట ఆ సైన్ల, కొసైన్ల శ్రేణి ఏం చేస్తుందో చెప్పే సిద్ధాంతం నాకు తెలుసు. పరీక్షలో అక్షరం పొల్లుపోకుండా రాసి మార్కులు కొట్టేసినదాన్ని. కానీ అది ఎందుకు కావాలో ఆ నిమిషం వరకు నాకు తెలియదు.

ఆ సిద్ధాంతం నేను పిల్లలకు చెప్పలేదు. ఒక పక్క నుంచి వస్తే ఎత్తు సున్నా, ఇంకో పక్క నుంచి వస్తే 4π², పాపం ఈ శ్రేణి ఎవరి మాట వినాలి అని అడిగాను. మొదట లేచిన అబ్బాయే మళ్ళీ లేచి, రెండింటికీ నడిమధ్య నిలుస్తుందేమో అన్నాడు. అయితే వచ్చి చెయ్యి, అని సుద్ద వాడికిచ్చాను. సున్నా కొట్టేసి 2π² వేశాడు. అందులోంచి 4π²/3 తీసేశాడు, 2π²/3 మిగిలింది. నాలుగుతో భాగించాడు. π²/6.

బోర్డుకు రెండు వైపులా ఒకే జవాబు. నవ్విన గొంతే ఈసారి "హా" అంది. నాకు ఆ పిల్లలందరినీ కావలించుకోవాలనిపించింది. చీర కొంగుతో చేతి సుద్ద తుడుచుకుని, ఎందుకు మధ్యే నిలుస్తుందో రుజువు ఇంకో రోజు చూడాలని చెప్పాను. ఆ ఇంకో రోజు నాది కాకపోవచ్చని ఆ మాట అన్నాకే గుర్తొచ్చింది.

హెడ్డుగారు గదికి రమ్మన్నారు. కూర్చోమన్నారు. కళ్ళద్దాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"ఒకటి అడుగుతానమ్మా, దాపరికం లేకుండా చెప్పు. ఆ సున్నా కావాలనే వేసినావా, తెలీక వేసినావా?"

తప్పించుకునే దారి ఆయనే తెరిచి పెట్టారు. పిల్లలకు నేర్పడానికి కావాలనే వేశానంటే ఎంత గొప్పగా ఉండేదో! సోమవారం, ఆ బడి, కుట్టుపని కళ్ళ ముందు మెదిలాయి. కానీ ఆ క్లాసులో నాకు కలిగిన సంతోషం నిజంగా తెలియకపోవడం వల్ల కలిగింది. దాన్ని నటన అని చెప్పడానికి మనసు ఒప్పలేదు.

"తెలీకనే వేసినాను సార్. ఆ పిల్లోళ్ళతో పాటే నేనూ తెలుసుకున్నాను."

ఆయన తల ఊపి కళ్ళద్దాలు పెట్టుకున్నారు. ఇక లేవమంటారనుకుని నేను కుర్చీ అంచుకు జరిగాను.

"ముప్పై ఏండ్లుగా ఈ పాఠం చెప్తా ఉండాను. నా క్లాసులో ఒక్కనికీ ఆ తెగిన తావు కండ్లబడలేదు, నేను ఎప్పుడూ నున్నటి దారినే పోయినాను గదా. రేపు పొద్దున ఫిజిక్సు ఆనర్సోళ్ళకి ఇదే పాఠం ఉండాది. ఆ సున్నా వాళ్ళకీ వెయ్యి. ఈ తూరి తెలిసి వెయ్యి."

నాకు వెంటనే అర్థం కాలేదు. రేపు ఒక్కరోజు రమ్మంటున్నారా అని అడిగాను.

"రేపట్నించీ రమ్మంటా ఉండానమ్మా."