గ్రూప్ ఫొటోలో వెలిసిన నీలం

సరిహద్దు దాటి కన్నడ నేల మీదున్న శక్తినగర్‌లో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. అక్కడి ఒక ప్రైవేటు బడిలో ఏటేటా క్లాసు ఫొటోలు, గుర్తింపు కార్డుల ఫొటోలు నేనే తీసేవాణ్ణి.

ఆ ఏడు నాలుగో తరగతి పిల్లల్ని వరండా ముందు నీడలో నిలబెట్టాను. వెనక వరుస బెంచీల మీద, నడుమ వరుస నేల మీద, పొట్టివాళ్లు ముందు కూర్చుని. అందరూ తెల్ల చొక్కాలు, ముదురు నీలం గౌన్లు, నిక్కర్లు. ఒక్క పాప గౌను మాత్రం ఉతికి ఉతికి వెలిసిపోయి బూడిద రంగుకు వచ్చింది. జుట్టు తనే దువ్వుకున్నట్టుంది, పాపిట వంకరగా పోయి చెవుల దగ్గర వెంట్రుకలు లేచి ఉన్నాయి. ఆ పాపను నడుమ నుంచి తీసి చివరకు జరిపింది నేనే. ఎవరూ చెప్పలేదు. ఫొటో చెడిపోతుందనుకున్నాను.

సాయంత్రానికి వాట్సాప్‌లో పాప తల్లి మెసేజ్ వచ్చింది. తెలుగే, ఇంగ్లిష్ అక్షరాల్లో.

"సార్ నమస్తె. నా బిడ్డ గౌను పాతది, రంగు పోయింది. ఫొటోల అందరి లెక్క నీలం చేస్తరా. నేను పొద్దుగాల్నె పనికి పోయిన, తల దువ్వలే. జర జుట్టు గూడ సాపు చెయ్యిండ్రి. నేను పనిచేసే ఇంటి పాప గూడ అదే క్లాసు. వాళ్ల గోడకు గీ ఫొటోనే పెడ్తరు."

ఆమె ఉద్యోగుల క్వార్టర్స్ ఇండ్లల్లో పనిచేస్తుందని అప్పుడు తెలిసింది. ఆ గోడ మీది ఫొటో దుమ్ము తుడవాల్సింది కూడా ఆమే.

"చేస్తనమ్మా" అని రాశాను.

కంప్యూటర్‌లో గౌను ఒక్కటే వేరుచేసి రంగు మార్చాను. వెలిసిన బట్టకు ఊరికే నీలం పూస్తే అట్టముక్కలా కనిపిస్తుంది. కుచ్చుల నీడలు పోకుండా, తెల్ల చొక్కా మీదికి, చేతుల మీదికి రంగు పాకకుండా మెల్లగా ముదురు చేయాలి. పక్క పిల్ల గౌనుతో పోల్చి చూసుకుంటూ చేశాను. తెల్ల గోడ మీద తేలిన వెంట్రుకలు ఒక్కొక్కటి చెరిపాను. పాపిట జోలికి పోలేదు. ముఖం ముట్టలేదు. ఫోన్‌కు పంపితే ఆమె, "నా బిడ్డ అందరి లెక్కనే ఉంది సార్" అని రాసింది.

ప్రింట్లు వేసే ముందు నమూనా బడిలో చూపించాలి. హెడ్ మేడమ్ కళ్లద్దాలు పెట్టుకుని చూసింది, ఆ పాప దగ్గర ఆగింది.

"ఈమెది పాత గౌను కదా? మూడుసార్లు డైరీలో రాసి పంపాం" అంది కన్నడంలో.

"తల్లి అడిగింది మేడమ్. చిన్న పనే."

"మీకు చిన్న పనే. రేపు అందరూ ఏదో ఒకటి తొడిగి పంపి, ఫొటోలో సరిచేయమంటారు. ఉన్నది ఉన్నట్టు వేయండి. మార్చింది ఎవరికీ ఇవ్వకండి."

ఒక్క మాట అనొచ్చు. వచ్చే ఏడు ఈ పని ఇంకొకరికి పోతుందని నోరు మూసుకున్నాను. స్టూడియోకు వచ్చి పాత ఫొటోనే ప్రింట్‌కు పంపాను.

బడిలో ఫొటోలు పంచిన మర్నాడు ఆమె పాపను వెంటబెట్టుకుని వచ్చింది. కవరులోంచి ఫొటో తీసి బల్ల మీద పెట్టింది.

"ఫోన్ల మంచిగుండె గదా సార్. గిందుల గిట్ల ఎందుకొచ్చింది?"

బడివాళ్లు వద్దన్నారని చెప్పొచ్చు. చెబితే ఆమె పోయి అడుగుతుంది, మాట నా మీదికి వస్తుంది.

"ప్రింట్‌ల రంగు అట్లనే వస్తదమ్మా. మిషను సంగతి" అన్నాను.

ఆమె నమ్మింది. "బట్టనే పాతది సార్, మిషను ఏం జేస్తది. మీరు ఊకె కష్టపడ్డరు" అంది.

పాప బల్ల అంచు పట్టుకుని, మునివేళ్ల మీద లేచి ఫొటో చూస్తోంది. "మిగతావాళ్లవి సరిగ్గనే వచ్చినయి గదనే అమ్మా" అంది.

పాప నా వైపు చూసింది. నేను కంప్యూటర్ వైపు తిరిగి ఏదో పని ఉన్నట్టు మౌసు కదిలించాను. మార్చిన ఫొటో అందులోనే ఉంది. ఒక ప్రింట్ తీసి ఆమె చేతిలో పెట్టడానికి రెండు నిమిషాలు పట్టదు. పెట్టలేదు.

"పోదాం పా" అని తల్లి ఫొటోను మళ్లీ కవరులో పెట్టుకుంది.

ఆ తర్వాత ఇంకో ఐదేళ్లు ఆ బడి ఫొటోలు నేనే తీశాను. మర్యాద కలవాణ్ణని హెడ్ మేడమ్ వేరే బడులకు కూడా నా పేరు చెప్పింది. మరుసటి ఏడు ఆ పాప కొత్త నీలం గౌనులో, నూనె రాసి బిగించి అల్లిన జడలతో వచ్చింది. నేను నడుమ వరుసలో చోటు చూపించాను. పాప వినిపించుకోనట్టు పోయి చివరనే నిలబడింది.