నిమ్మగడ్డి నూనెకు నేను వేసిన లేబుల్

ఇబ్రహీంపట్నంలో నాది ఫ్లెక్సీలు, పెళ్ళి పత్రికలు డిజైన్ చేసే దుకాణం. ఫ్లెక్సీ మీద బెత్తెడు ఖాళీ కనిపించినా నా ప్రాణం ఒప్పదు. ఏదో ఒక బిరుదు తగిలిస్తేగాని కుదురుగా కూర్చోలేను. ఈ జబ్బుతోనే మా వదిన కొంప ముంచబోయాను.

వదిన రెండెకరాల్లో నిమ్మగడ్డి పెట్టింది. కోసి, కాస్త వాడనిచ్చి, బాయిలర్‌లో ఆవిరి పట్టి నూనె తీసింది. నీళ్ళ మీద తేలిన ఆ లేత పసుపు నూనెను సీసాలోకి ఒంపుతుంటే ఆమె ముఖం చూడాలి! అన్న మాత్రం కరాఖండిగా చెప్పేశాడు: "గీ నూనె ఎవ్వలు కొనకపోతే గడ్డి దున్నేసి మక్క పెడ్త." హయత్‌నగర్‌లో ఇంట్లోనే సబ్బులు చేసి అమ్మే ఒకావిడ చూస్తానంది. ఆవిడ తీసుకుంటే గడ్డి బతుకుతుంది, లేకపోతే లేదు.

లేబుల్ పని నా మీద పడింది. "తమ్మీ, నారు ఇచ్చినోళ్ళు దీని పేరు సింబోపోగన్ ఫ్లెక్సుయోసస్ అన్నరు. గదే పెట్టు" అని వదిన మూడుసార్లు ఒప్పజెప్పింది. పాపం, బడిపిల్లలా బట్టీపట్టింది. నాకు ఆ పేరు నచ్చలేదు. దవాఖానలో చీటీ మీద రాసే రోగంలా ఉంది. నిమ్మగడ్డి అంటే నిమ్మే కదా అని ఫోన్‌లో నిమ్మ శాస్త్రీయ నామం వెతికి, 'సిట్రస్ లిమన్' అని పెట్టాను. ముద్దుగా ఉంది. ఇంకా జాగా మిగిలింది. 'వంద శాతం ప్యూర్', వైద్యానికి పనికొచ్చే మేలిరకంలా వినిపిస్తుందని 'థెరప్యూటిక్ గ్రేడ్' వేశాను. అయినా మిగిలింది. సువాసన సంగతి మరిచిపోతే ఎలా అని అడుగున 'ప్రీమియం ఫ్రాగ్రెన్స్ ఆయిల్' అని బంగారు రంగులో కొట్టాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

సీసా పట్టుకుని వదినా నేనూ హయత్‌నగర్ వెళ్ళాం. ఆవిడ సీసా అందుకుంది గాని మూత తీయలేదు. కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. డిజైన్ చూసి మెచ్చుకుంటుందని నేను కాలర్ సర్దుకున్నాను.

"ఇది నిమ్మకాయ నూనెనా, నిమ్మగడ్డి నూనెనా అండీ?"

"నిమ్మగడ్డిదే మేడం" అన్నాను.

"మరి సిట్రస్ లిమన్ అంటే నిమ్మచెట్టు కదా. ఆ నూనె కాయ తొక్కలోంచి తీస్తారు. గడ్డి వేరు, చెట్టు వేరు."

వదిన నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను.

"థెరప్యూటిక్ గ్రేడ్ మీకెవరిచ్చారు?"

"ఎవ్వలియ్యలే మేడం. నేనే ఇచ్చిన."

"అందరూ అంతే. అలాంటి గ్రేడు ఇచ్చే ప్రభుత్వ ఆఫీసేదీ లేదు. ప్యూర్ అని ఎవరైనా రాసుకోవచ్చు. అదలా ఉంచండి, ఈ ఫ్రాగ్రెన్స్ ఆయిల్ ఏంటి?"

"అంటే... మంచి వాసనొస్తదని."

ఆవిడ సీసా బల్ల మీద పెట్టేసింది. "మా పనిలో ఫ్రాగ్రెన్స్ ఆయిల్ అంటే రసాయనాలు కలిపి తయారుచేసిన సెంటు నూనె. మొక్క నుంచి తీసిందే ఎసెన్షియల్ ఆయిల్. మీరు పైన ప్యూర్ అనీ, కింద ఇదీ రాశారు. రేపు సబ్బు ఎవరి ఒంటికైనా పడకపోతే ఏం వాడానని చెప్పను?"

"వాసన చూడుండ్రి మేడం, అసలు సరుకు!"

"వాసన ఎవరైనా తయారుచేస్తారండీ."

చెమటోడ్చి తీసిన అసలైన నూనెను సొంత చేతులతో నకిలీ సరుకు చేసిన మొనగాణ్ణి నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు వదిన నోరు విప్పింది. "మేడం, ఇది సింబోపోగన్ ఫ్లెక్సుయోసస్. ఆకులు కోసి ఆవిరి పట్టి తీసినం. ఏ రోజు తీసిన నూనెను ఆ రోజే వేరే సీసాల పోసిన. ఇందులో ఇంకేం కలపలే."

ఆవిడ ముఖం విప్పారింది. "అదే కదమ్మా లేబుల్ మీద ఉండాల్సింది! అలా రాసివ్వండి. ల్యాబుకి పంపిస్తాను. రిపోర్టూ లేబులూ ఒకటే చెబితే ప్రతి కోతకీ నూనె నేనే తీసుకుంటాను."

నా లేబుల్ మాత్రం ఊడదే! గట్టి జిగురు స్టిక్కర్ ఏరికోరి వేశాను మరి. గోళ్ళు అరిగాయి. వదిన సీసా లాక్కుని, మూల కాస్త లేపి, గుడ్డకు రెండు చుక్కల తన నూనె అద్ది దాని కింద రుద్దింది. జిగురు కరిగిపోయి నా బిరుదులన్నీ ఒక్కసారిగా ఆమె చేతిలోకి వచ్చేశాయి. గదంతా నిమ్మగడ్డి వాసన.

తెల్ల కాగితం మీద ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. చుట్టూ బోలెడంత ఖాళీ ఉన్నా చెయ్యి కట్టేసుకున్నాను.

బస్టాపులో ఉండగా అన్న ఫోన్ చేశాడు. "ఏమాయె, తీసుకున్నరా?"

"నూనె తీసుకున్నరు, పరీక్షకు పంపుతరంట" అంది వదిన, నా వైపు చూస్తూ. "నీ తమ్ముని తెలివి మాత్రం వాపస్ ఇచ్చిండ్రు."